తడిసిన చీర ఖరీదెంత?

ఏ దుకాణం లెక్కల్లోనైనా అన్నిటికీ ఏదో ఒక కాగితం ఉంటుంది. అమ్మకాలకు బిల్లులు, కొనుగోళ్లకు ఇన్‌వాయిస్‌లు, అద్దెకు రసీదు, జీతాలకు సంతకాలు. ఒక్క అంకెకు మాత్రం బయటినుంచి ఏ కాగితమూ రాదు. మార్చి 31 రాత్రి షట్టర్ దించేసరికి లోపల మిగిలిన సరుకు విలువను యజమానే లెక్కపెట్టి, యజమానే ధర కట్టి, యజమానే రాసుకోవాలి. ఏడాది లాభం ఎంతన్నది చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

ఎందుకంటే లాభం తేలే పద్ధతే అది. ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు ఏడాదంతా కొన్నది కలుపుతాం. అందులోంచి చివర మిగిలినదాన్ని తీసేస్తాం. అప్పుడు వచ్చేది అమ్ముడుపోయిన సరుకు ఖరీదు. అమ్మకాల్లోంచి దాన్ని తీసేస్తే మొత్తం లాభం. మిగిలిన సరుకును ఒక రూపాయి ఎక్కువ చేసి రాస్తే అమ్ముడుపోయిన సరుకు ఖరీదు ఒక రూపాయి తగ్గుతుంది, లాభం ఒక రూపాయి పెరుగుతుంది. గల్లాపెట్టెలోకి పైసా రాకుండానే లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ ఒక్క అంకె విషయంలో లెక్కల శాస్త్రం గట్టి నియమం పెట్టింది: కొన్న ఖరీదు, నికర వసూలు విలువ, ఈ రెంటిలో ఏది తక్కువో అదే రాయాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ రూపొందించిన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది ఇదే. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 2, ఆదాయపు పన్ను లెక్కలకోసం వచ్చిన ఐసీడీఎస్ 2 కూడా ఇదే చెబుతాయి.

వాక్యం చిన్నదే. అందులోని రెండు అంకెలనూ ఎలా తేల్చాలన్న దగ్గరే చిక్కంతా ఉంది. పాడైన సరుకు మీద ఆ నియమం ఎలా పనిచేస్తుందో చూస్తే అది వెంటనే అర్థమవుతుంది. అందుకోసం ఒక దుకాణాన్ని ఊహించుకుందాం.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్టు. బాబాయ్, అబ్బాయ్ చెరి సగం వాటాతో నడుపుతున్నారు. కింద షాపు, వెనక గోడౌను. జనవరిలో ఒక రాత్రి పై అంతస్తులో నీళ్ల ట్యాంకు పైపు పగిలి, తెల్లారేసరికి గోడౌనులో ఒక మూల అట్టపెట్టెలన్నీ నానిపోయాయి. ఆ పెట్టెల్లో ఉన్నవి 300 మంగళగిరి కాటన్ చీరలు. అన్నీ ఒకే రకం, ఒకే ధర. ఒక్కొక్కటి 1,400కు అమ్మే సరుకు.

మొదట కొన్న ఖరీదు తేల్చాలి. ఇన్‌వాయిస్‌లో చీర ధర 950. వ్యాపారికిచ్చే తగ్గింపు 50 పోతే 900. లారీ కిరాయి, హమాలీ కలిపి చీరకు 20 పడింది. ఖరీదు 920. కొనేటప్పుడు కట్టిన జీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి ఖరీదులో కలపరు. షాపు అద్దె, సేల్స్‌మన్ జీతం, గోడౌను కరెంటు కూడా కలపరు. సరుకు మన దగ్గరికి వచ్చి అమ్మకానికి సిద్ధమయ్యేవరకు అయిన ఖర్చే ఖరీదు. ఆ తర్వాత గోడౌనులో ఏడాదిపాటు కూర్చున్నందుకు చీర ఖరీదు పెరగదు.

తర్వాత నికర వసూలు విలువ. మామూలుగా వ్యాపారం చేసుకుంటూ ఆ సరుకును అమ్మితే వస్తుందని అంచనా వేసే ధరలోంచి, అమ్మకానికి పనికొచ్చేలా చేయడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చును, అమ్మడానికయ్యే ఖర్చును తీసేస్తే మిగిలేదే అది. ఆ చీర మీద మన చేతికి నికరంగా వచ్చేదన్నమాట. చీర మీద వేలాడే చీటీలోని ధరతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు పెట్టెలు విప్పి చూడాలి. ఈ పని కుర్చీలో కూర్చుని చేసేది కాదు. ఒక్కొక్క చీరనూ మడత విప్పి, అంచునీ కొంగునీ వెలుతురులో పట్టి చూసి వేరుచేయాలి. అలా చూస్తే మూడు కుప్పలు తేలాయి అనుకుందాం.

మొదటి కుప్పలో 100 చీరలు. పైన ఉన్న కవర్లు తడిశాయి, చీరకు చెమ్మ తగిలింది, అంతే. రంగు దిగలేదు. ఉతికించి, ఇస్త్రీ చేయించి, కొత్త కవర్లు వేయడానికి చీరకు 40 రూపాయలవుతుంది. కొత్త గంజి బిగువు ఉండదు కాబట్టి 1,400 రాదు, 1,250 వస్తుంది. అమ్మిన కుర్రాడికిచ్చే ఇన్సెంటివ్ 15. చేతికి వచ్చేది 1,195. ఖరీదు 920. తక్కువది 920 కాబట్టి ఈ చీరలు 920 దగ్గరే ఉంటాయి. ఇక్కడొకటి గమనించాలి. ఇవి కూడా నీళ్లలో తడిసినవే, అమ్మకం ధర కూడా తగ్గింది. అయినా పుస్తకాల్లో విలువ తగ్గలేదు. డ్యామేజీ అయిందన్న ఒక్క కారణంతో నియమం విలువను తగ్గించమనదు. ఖరీదు తిరిగి రాదని తేలినప్పుడే తగ్గించమంటుంది. ఈ 100 చీరల మీద తగ్గేది లాభం. ఆ తగ్గుదల, అవి అమ్ముడైన రోజున దానంతటదే కనిపిస్తుంది.

రెండో కుప్పలో 150. అంచు రంగు ఒంట్లోకి దిగి, అక్కడక్కడా మరకలు కట్టింది. వీటిని తగ్గింపు బల్ల మీద పెట్టి 750కి అమ్మగలమని అంచనా. రోలింగ్‌కు 60, ఇన్సెంటివ్‌కు 15 పోతాయి. చేతికి 675. ఖరీదు 920 అయినా తిరిగొచ్చేది 675 మాత్రమే కాబట్టి 675 రాయాలి. చీరకు 245 చొప్పున 150 చీరలకు 36,750 నష్టం.

మూడో కుప్పలో 50. అట్టపెట్టె అడుగున నీళ్లలోనే ఉండిపోయాయి. బూజు పట్టి, మడతల దగ్గర దారం కుళ్లింది. చీరగా అమ్ముడుపోవు. పాత బట్టల బేళ్లు కొనేవాడు చీరకు 80 ఇస్తానంటున్నాడు, గోనెసంచి, ఆటో ఖర్చు చీరకు 5. చేతికి 75. ఖరీదుకు 845 తక్కువ, 50 చీరలకు 42,250.

రెండు కుప్పల నష్టం కలిపితే 79,000. ఆ 300 చీరలు 2,76,000కు కొన్నవి. మార్చి 31న పుస్తకాల్లో అవి 1,97,000గా ఉండాలి.

మూడు కుప్పలుగా వేరుచేయడం చాదస్తమని ఎవరైనా అనుకోవచ్చు. అన్నీ ఒకే రకం చీరలు, ఒకే బిల్లు మీద వచ్చినవి, కలిపి చూస్తే పోయేదేముంది? కలిపి చూస్తే జరిగేది ఇది. మూడు కుప్పల నికర వసూలు విలువ మొత్తం 2,24,500. ఖరీదు 2,76,000. తేడా 51,500. అసలు నష్టం 79,000 కదా, మిగతా 27,500 ఎటు పోయింది? మొదటి కుప్పలో చీరకు 275 చొప్పున ఇంకా రాని లాభం ఉంది. ఆ లాభం రెండో, మూడో కుప్పల నష్టంలో కొంత భాగాన్ని కప్పేసింది. ఇంకో అడుగు ముందుకెళ్లి దుకాణం సరుకంతా కలిపి చూశారనుకోండి. 42 లక్షలకు కొన్న సరుకు అమ్మితే 60 లక్షలు దాటుతుంది కాబట్టి నష్టమే లేదని తేలుతుంది, బూజు పట్టిన చీర కూడా 920 రూపాయల ఆస్తిగా మిగిలిపోతుంది. అందుకే స్టాండర్డ్ ఈ పోలికను వస్తువువారీగా చేయమంటుంది. ఒకే తీరువి, విడదీసి చూడడం కుదరనివి అయితేనే ఒక గుంపుగా చూడనిస్తుంది. చెడిన చీరనూ చెడని చీరనూ ఒకే గుంపులో వేయకూడదు. నా ఉద్దేశంలో ఈ నియమంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘వస్తువువారీగా’ అన్నదే. అది వదిలేస్తే మిగిలిన నియమమంతా కాగితం మీదే ఉంటుంది.

ఇక బాబాయ్ అభ్యంతరం. వన్‌టౌన్‌లో ఏ కొట్లో అడిగినా వినిపించే మాట ఇది.

“అవి ఇంకా మన దగ్గరే ఉన్నాయి కదరా. అమ్మినప్పుడు ఎంతొస్తే అంత రాద్దాం. నష్టమొస్తే అప్పుడే రాద్దాం. ఇప్పుడే ఎందుకు?”

“పైపు పగిలింది ఈ ఏడాది కదా బాబాయ్?”

అబ్బాయి జవాబులో అసలు విషయమంతా ఉంది. అంకెల్లో పెట్టి చూద్దాం. ఈ నష్టాన్ని పక్కన పెడితే దుకాణం లాభం ఈ ఏడాది 8,40,000, వచ్చే ఏడాది కూడా 8,40,000 అనుకుందాం. చీరలను ఇప్పుడే తగ్గించి రాస్తే ఈ ఏడాది లాభం 7,61,000. వచ్చే ఏడాది 675గా రాసుకున్న చీరను 750కి అమ్ముతారు, 75 ఖర్చవుతుంది. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ ఏడాది లాభం 8,40,000గానే ఉంటుంది. తగ్గించకుండా వదిలేస్తే ఈ ఏడాది 8,40,000 కనిపిస్తుంది, వచ్చే ఏడాది 7,61,000. రెండేళ్లు కలిపితే ఎటు చూసినా 16,01,000. బాబాయ్ అనేది కూడా ఇదే, మొత్తానికి ఒకటే కదా అని.

ఒకటి కాదు. ఈ మార్చి 31తో బాబాయ్ వాటా తీసుకుని విశ్రాంతి తీసుకుంటున్నాడనుకోండి. తగ్గించకపోతే ఆయన 79,000లో సగం, అంటే 39,500 ఎక్కువ తీసుకెళ్తాడు. పైపు పగిలిన నాటికి ఇద్దరూ భాగస్వాములే, నష్టం మాత్రం మొత్తం అబ్బాయి నెత్తిన పడుతుంది. బాబాయ్‌కి మోసం చేయాలన్న ఆలోచన లేకపోవచ్చు. లెక్క తప్పుగా ఉంటే అన్యాయం జరగడానికి ఎవరూ పూనుకోనక్కర్లేదు. పెద్ద కంపెనీలోనైతే బాబాయ్ స్థానంలో ఈ ఏడాది షేర్లమ్ముకుని వెళ్లేవాళ్లు, అబ్బాయి స్థానంలో కొత్తగా కొనేవాళ్లు ఉంటారు. బ్యాంకు సంగతి కూడా అంతే. సరుకు తాకట్టు మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చే బ్యాంకు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ తీసుకుంటుంది. 25 శాతం మార్జిన్ అనుకుంటే లేని 79,000 మీద 59,250 అప్పు పుట్టేస్తుంది. కొట్టు చిక్కుల్లో పడిన రోజున బ్యాంకు తాళం తీసి చూస్తే ఆ అప్పుకు ఎదురుగా ఉండేది బూజు పట్టిన గుడ్డలు.

నష్టం జరిగిన ఏడాదిలోనే నష్టం రాయాలన్నది ఇందుకే. అమ్మే రోజున నష్టం తెలుస్తుంది, కానీ అది జరిగింది పైపు పగిలిన రాత్రి.

మరి లాభం విషయంలో ఎందుకిలా చేయరు? మొదటి కుప్పలోని చీర 1,195 తెస్తుందని అంత నమ్మకంగా చెబుతున్నప్పుడు 1,195 అని రాస్తే తప్పేమిటి? కొనేవాడు ఇంకా రాలేదు, డబ్బు ఇంకా చేతికందలేదు. రాని లాభం మీద పన్ను కట్టడం, వాటాలు పంచుకోవడం చేస్తే, ఆ లాభం రాకపోయిన రోజున పంచుకున్నది వెనక్కి తేలేం. తక్కువ చేసి రాయడంలో ఉన్న తప్పు వచ్చే ఏడాది లాభంగా తిరిగొస్తుంది. ఎక్కువ చేసి రాయడంలో ఉన్న తప్పు జేబులోంచి పోతుంది. ఈ రెండు తప్పులూ సమానం కావు కాబట్టే నియమం ఒక వైపుకు మొగ్గింది.

ఈ మొగ్గు కొత్తది కాదు. ఫ్రాన్స్‌లో 14వ లూయీ కాలంలో జాక్ సవారీ అనే వ్యాపార నిపుణుడు 1675లో వర్తకులకోసం ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. 1673 నాటి ఫ్రెంచి వర్తక చట్టం తయారీలో ముఖ్యపాత్ర ఆయనదే. సరుకు జాబితా రాసేటప్పుడు దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ కట్టవద్దని, అలా కడితే ఊహలో మాత్రమే ధనవంతులవుతారని ఆయన హెచ్చరించాడు. చెడిపోవడం మొదలైన సరుకుకు, మోజు తగ్గిన సరుకుకు ధర తగ్గించి రాయమన్నాడు. ఆయన మాట్లాడిందీ ఎక్కువగా బట్టల వ్యాపారం గురించే. మన దేశంలో 1953లో చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని తేల్చింది. కలకత్తా వెండి వర్తకులు బికనీరుకు పంపిన వెండి కడ్డీల విలువ మీద వచ్చిన వివాదమది. ముగింపు సరుకును లెక్కలో చూపేది అమ్ముడుపోని సరుకు ఖరీదును సరిచేయడానికే తప్ప దాని విలువ పెరిగిందని లాభం చూపడానికి కాదని, రాబోయే నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకోవచ్చు గానీ రాబోయే లాభాన్ని తీసుకోనక్కర్లేదని కోర్టు వివరించింది. తర్వాత 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 145ఏ సెక్షన్ కింద కూడా ఖరీదు, నికర వసూలు విలువల్లో తక్కువదే లెక్కకు వచ్చేలా రాశారు. దీనర్థం, బాబాయ్-అబ్బాయ్‌ల సంస్థ తీసుకున్న ఆ 79,000 తగ్గింపు పన్ను లెక్కలో కూడా చెల్లుతుంది, ఆధారం చూపగలిగితే.

ఆధారం అన్నదే అసలు పరీక్ష. 750 వస్తుందని ఎవరు చెప్పారు? మార్చి 31న అది అంచనా మాత్రమే. కానీ లెక్కలు ఆ రాత్రే పూర్తికావు, ఆడిట్ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి తెలుగునాట ప్రతి బట్టల కొట్లోనూ తగ్గింపు బోర్డులు వేలాడతాయి, మరకల చీరలు బయటికొచ్చేది అప్పుడే. ఆ 150 చీరలూ ఆషాఢంలో 750కి కాక 600కే పోయాయనుకుందాం. లెక్కలమీద ఇంకా సంతకాలు కాలేదు. అప్పుడు మార్చి 31 నాటి అంచనానే సరిచేయాలి. చేతికొచ్చేది 525 కాబట్టి, చీరకు మరో 150 చొప్పున 22,500 అదనంగా ఆ పాత ఏడాదికే రాయాలి. మరక జనవరిలో పడింది, ఆషాఢం బిల్లు చేసింది ఆ మరక ఎంత ఖరీదైనదో చెప్పడమే.

దీనికి పూర్తిగా వేరైన సంగతి ఒకటుంది. మే నెలలో గాలివానకు రేకు లేచిపోయి ఇంకో 100 చీరలు తడిశాయనుకోండి. లెక్కల మీద సంతకాలు కాకముందే జరిగినా అది పాత ఏడాది నష్టం కాదు. మార్చి 31న ఆ 100 చీరలు నిక్షేపంగా ఉన్నాయి. సంఘటన ఎప్పుడు తెలిసిందన్నది కాదు, పాడు ఎప్పుడు జరిగిందన్నదే చూడాలి. ఆడిటర్లు ఏప్రిల్, మే, జూన్ అమ్మకపు బిల్లులు అడిగేది ఇందుకే. ఖరీదుకంటే తక్కువకు పోయిన ప్రతి బిల్లునూ వెనక్కి పట్టుకెళ్లి, ఆ సరుకు మార్చిలో ఏ స్థితిలో ఉందో చూస్తారు.

ఈ నష్టాలు లెక్కల్లోకి రాకుండా పోయే దారులు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే మామూలుది, లెక్కపెట్టేవాడు సంఖ్య మాత్రమే రాసుకోవడం. 300 చీరలు ఉన్నాయి, 300 అని రాశాడు. తప్పు లేదు. కంప్యూటర్ ఆ 300ని 920తో గుణిస్తుంది. చీర ఉందా లేదా అన్నదే కంప్యూటర్‌కు తెలుసు, ఎలా ఉందో తెలియదు. స్టాక్ లెక్కపెట్టే కాగితంలో ‘స్థితి’ అని ఒక గడి లేకపోతే పాడైన సరుకు దర్జాగా కొత్త సరుకు ధరకే వెళ్లిపోతుంది. లెక్కపెట్టే రోజున పై వరస పెట్టెలు మాత్రమే దింపి చూడడం కూడా ఇలాంటిదే. చెమ్మ ఎప్పుడూ అడుగునుంచే పట్టుకుంటుంది.

ఇంకో దారి చీటీ ధరనుంచి వెనక్కి లెక్కగట్టడం. వేల రకాలున్న కొట్లలో ప్రతి చీర ఇన్‌వాయిస్ వెతకలేరు కాబట్టి, చీటీ మీద ఉన్న ధరల మొత్తంలోంచి మామూలు మార్జిన్ తీసేసి ఖరీదు తేలుస్తారు. ఆ పద్ధతిని స్టాండర్డ్ కూడా ఒప్పుకుంటుంది. కానీ మరకల చీర మీద 1,400 చీటీ అలాగే ఉంటే ఆ లెక్కలో అది మళ్లీ 920 అయిపోతుంది. చీటీని 750కి మార్చి అదే మార్జిన్ తీసేస్తే 493 అవుతుంది, ఇది రెండో తప్పు. నిజంగా చేతికొచ్చేది 675. ఈ తగ్గింపు ధరలో అసలు మార్జినే లేదు, లేనిదాన్ని తీసేశారు. అందుకే చీటీ పద్ధతి వాడే కొట్లు కూడా డ్యామేజీ సరుకును పక్కకు తీసి విడిగా ధర కట్టాలి.

493 అని రాయడం జాగ్రత్తే కదా అనిపించవచ్చు. కాదు. అవసరమైనదానికంటే ఎక్కువ తగ్గిస్తే ఈ ఏడాది లాభం దాగి, వచ్చే ఏడాది బయటపడుతుంది. పన్ను తప్పించుకోవడానికి మంచి సరుకును డ్యామేజీ అని రాసే వాళ్లూ ఉన్నారు. పన్ను అధికారి చూసేది కూడా తర్వాతి నెలల బిల్లులే. 75 రూపాయల గుడ్డపేలికలని రాసిన చీరలు జూన్‌లో 1,250కి పోయి ఉంటే ఇక వాదించడానికి ఏమీ ఉండదు. సరైన అంచనాకు ఒక గుర్తుంది. తగ్గించి రాసిన సరుకు తర్వాత అమ్ముడైనప్పుడు లాభం గానీ నష్టం గానీ పెద్దగా కనిపించకూడదు. ప్రతి ఏడాదీ డ్యామేజీ సరుకు మీద మంచి లాభం వస్తోందంటే అంచనా కావాలని తక్కువ కడుతున్నారని అర్థం. ప్రతి ఏడాదీ నష్టం వస్తోందంటే ధైర్యం చేసి తగ్గించడం లేదని అర్థం.

బీమా ఉంటే ఏం చేయాలన్నది తర్వాత వచ్చే ప్రశ్న. “క్లెయిమ్ వస్తుంది కదా, సరుకు విలువ తగ్గించడమెందుకు?” అని చాలామంది సరుకును 920 దగ్గరే ఉంచేస్తారు. చీర, క్లెయిమ్ రెండూ వేర్వేరు. చీర విలువ తగ్గింది, అది అలాగే రాయాలి. బీమా సంస్థ క్లెయిమ్‌ను ఒప్పుకుని, డబ్బు రావడం దాదాపు ఖాయమైనప్పుడు దాన్ని విడిగా రావలసిన బాకీగా చూపాలి. సర్వేయర్ వచ్చి చూసి వెళ్లినంత మాత్రాన అది ఖాయం కాదు. రెంటినీ ఒకదానితో ఒకటి కొట్టేస్తే, క్లెయిమ్ సగానికి తెగిన రోజున నష్టం ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు.

జీఎస్టీలో ఒక మాట జాగ్రత్తగా చదవాలి. పోయిన, దొంగిలించిన, నాశనమైన, పుస్తకాల్లోంచి పూర్తిగా కొట్టేసిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలని 17(5)(హెచ్) క్లాజు అంటుంది. రెండో కుప్పలోని 150 చీరలు పోలేదు, నాశనం కాలేదు. తక్కువ ధరకైనా బిల్లు వేసి, పన్ను వేసి అమ్ముతున్నారు. విలువ తగ్గించి రాయడం, కొట్టేయడం ఒకటి కావు. మూడో కుప్పను పాత బట్టల కింద అమ్మకుండా చెత్తబండి ఎక్కించేస్తే మాత్రం ఆ 50 చీరల క్రెడిట్ వెనక్కి కట్టాల్సిందే. 80 రూపాయలకైనా బిల్లు వేసి అమ్మడానికి ఇదొక కారణం. పుస్తకాల్లో ఏ మాట వాడామన్నది కూడా ఇక్కడ ముఖ్యం. గుమాస్తా మూడు కుప్పలకూ కలిపి ‘కొట్టివేత’ అని ఒక్క పద్దు రాసేస్తే, తర్వాత అధికారికి వివరించడం కష్టమవుతుంది.

అందుకని అబ్బాయి ఆ జనవరి రోజున చేయాల్సింది, తడిసిన పెట్టెల ఫొటోలు తీయడం, మూడు కుప్పల జాబితా తేదీతో రాసి ఇద్దరూ సంతకాలు చేయడం, రోలింగ్ వాడి రేటు, పాత బట్టల వ్యాపారి ఇచ్చిన ధర కాగితం మీద తీసుకోవడం. కంప్యూటర్‌లో ఆ 200 చీరలకు వేరే కోడ్ పెట్టాలి. ఆషాఢంలో అవి ఏ ధరకు పోయాయో ఆ కోడే చెబుతుంది. ఆడిటర్‌కైనా అధికారికైనా చూపగలిగేది ఇదే.

ఇలా తగ్గించిన విలువ ఎప్పటికీ అలాగే ఉండిపోవాలనీ లేదు. మళ్లీ మార్చి 31 వచ్చేసరికి రెండో కుప్పలో 30 చీరలు మిగిలాయనుకుందాం. ఈలోగా ఒక బొతిక్ అమ్మాయి వచ్చి మరక లేని భాగాన్ని కత్తిరించి కుర్తీలు కుట్టడానికి చీరకు 850 చొప్పున 30 చీరలూ తీసుకుంటానని ఆర్డరు రాసి ఇచ్చింది. తీసుకెళ్లేది ఏప్రిల్‌లో. అప్పుడు ఆ 30 చీరలకు ఆర్డరు ధరే ఆధారం. రోలింగ్ అక్కర్లేదు, ఇన్సెంటివ్ 15 పోతే చేతికి 835. నికర వసూలు విలువను ప్రతి మార్చిలోనూ కొత్తగా చూడాలి కాబట్టి 675 దగ్గరున్న చీర 835కి పెరుగుతుంది. ఒకవేళ ఆమె 1,000 ఇస్తానన్నా, ఆ రాత్రి పుస్తకాల్లో అది 920 దాటదు.